టాబ్లెట్ బ్యాచ్‌కి బీఎమ్‌ఆర్ ఫారం ఎలా తయారు చేయాలి: ప్రతి స్టెప్పు, యీల్డు, డీవియేషన్ పేజీ మీదే దొరికేలా

మూడు గంటల కంప్రెషన్‌లో పదిహేను నిమిషాల సరుకు చెడిందనుకోండి. ఆ పదిహేను నిమిషాల టాబ్లెట్లు ఏ డబ్బాలో పడ్డాయో మీ బీఎమ్‌ఆర్, అంటే బ్యాచ్ తయారీ రికార్డు, చూసి చెప్పగలగాలి. చెప్పలేకపోతే మిగిలిన రెండు గంటల ముప్పావు సరుకూ అనుమానంలో పడుతుంది, దాన్ని వదిలించుకోవడానికి మీ దగ్గర కాగితం ఉండదు. కింద చెప్పే ఫారం అంతా ఈ ఒక్క అవసరం చుట్టూ అల్లుకున్నది.

ఉదాహరణకు పారాసిటమాల్ 500 మి.గ్రా. టాబ్లెట్ తీసుకుందాం. బ్యాచ్ సైజు 1,00,000 టాబ్లెట్లు, ఒక్కోటి 600 మి.గ్రా., అంటే మొత్తం 60.000 కేజీలు. పారాసిటమాల్ 50.000, మొక్కజొన్న స్టార్చ్ 5.200, పోవిడోన్ 1.800, సోడియం స్టార్చ్ గ్లైకొలేట్ 1.800, టాల్క్ 0.600, మెగ్నీషియం స్టియరేట్ 0.600 కేజీలు. పోవిడోన్ కరిగించడానికి ప్యూరిఫైడ్ వాటర్ 8 కేజీలు పడుతుంది కానీ అది డ్రయర్లో పోతుంది కాబట్టి మొత్తంలో కలపరు. ఈ ఫార్ములా, కింద ఇచ్చే లిమిట్లు లెక్క చూపించడానికే. మీ ప్రాడక్టుకి మీ వ్యాలిడేషన్ బ్యాచ్‌లు ఇచ్చిన అంకెలే పెట్టాలి.

ముందు మాస్టర్, తర్వాత కాపీ

ఫారం ఒకటే అయినా బతుకులు రెండు. మాస్టర్ కాపీలో ఫార్ములా, స్టెప్పులు, లిమిట్లు అన్నీ టైపు చేసి, ప్రొడక్షన్, నాణ్యత చూసే క్యూఏ విభాగాల సంతకాలతో, వెర్షన్ నంబరుతో క్యూఏ బీరువాలో ఉంటుంది. బ్యాచ్ మొదలయ్యేటప్పుడు క్యూఏ దాని నుంచి ఒక కాపీ తీసి, బ్యాచ్ నంబరు వేసి, ముద్ర కొట్టి, ఇచ్చిన తేదీ రాసి ప్రొడక్షన్‌కి ఇస్తుంది. ఫ్లోర్ మీద కంప్యూటర్లో ఫైలు ఉండి ఎవరికి కావాలంటే వాళ్లు ప్రింటు తీసుకునే పద్ధతి ఉంటే, పాడైన పేజీ చింపి కొత్తది రాయడానికి అడ్డేమీ ఉండదు. అందుకే ప్రతి పేజీ పైన ప్రాడక్టు పేరు, బ్యాచ్ నంబరు, వెర్షన్ నంబరు, "పేజీ 7 / 32" అన్న లెక్క తప్పకుండా ఉండాలి. పేజీ పాడైతే క్యూఏ కొత్తది ఇస్తుంది, పాతదీ ఫైల్లోనే ఉంటుంది, రెండింటి మీదా కారణం రాస్తారు.

మొదటి పేజీలోనే సంతకాల పట్టిక పెట్టండి. ఈ బ్యాచ్‌లో చెయ్యి పెట్టే ప్రతివారి పేరు, హోదా, పొట్టి సంతకం, పూర్తి సంతకం అందులో ఉంటాయి. రెండేళ్ల తర్వాత ఆ గీత ఎవరిదో తేల్చేది ఈ పట్టికే.

డిస్పెన్సింగ్ పేజీలో లెక్కకు చోటు వదలండి

చాలా ఫారాల్లో పారాసిటమాల్ ఎదురుగా "50.000 కేజీలు" అని టైపు చేసి, పక్కన తూచిన బరువుకి ఒక గడి పెట్టి ఊరుకుంటారు. కానీ లాట్ లాట్‌కి అస్సే, అంటే అందులోని అసలు మందు శాతం, దానితో పాటు తేమ మారతాయి. నూటికి నూరు పాళ్ల మందు 50 కేజీలు కావాలంటే ఆ లాట్ ఎంత తూచాలో లెక్క కట్టాలి. ఆ లెక్క ఎవరో తెల్ల కాగితం మీద వేసి పారేస్తే రికార్డు లేనట్టే.

గడులు ఇలా పెట్టండి: లాట్ నంబరు (ఏఆర్ నంబరు), అస్సే, తేమ శాతం చూపే ఎల్‌ఓడీ, లెక్క, తూచాల్సిన బరువు, లెక్క వేసినవారు, సరిచూసినవారు. మన లాట్‌కి అస్సే 99.2 శాతం (డ్రైడ్ బేసిస్), ఎల్‌ఓడీ 0.4 శాతం అనుకుంటే:

```
50.000 × (100 / 99.2) × (100 / (100 − 0.4)) = 50.606 kg
```

0.606 కేజీలు పెరిగింది. టాబ్లెట్ బరువు 600 దగ్గరే ఉండాలి కాబట్టి ఆ మేరకు స్టార్చ్ తగ్గించాలి: 5.200 − 0.606 = 4.594 కేజీలు. ఏ పదార్థంలోంచి తగ్గించాలో మాస్టర్‌లో టైపు చేసి ఉండాలి, తూచేవారి ఇష్టానికి వదలకూడదు.

ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటుంది. సర్టిఫికెట్‌లో అస్సే "యాజ్ ఈజ్" బేసిస్ మీద ఇస్తే తేమ లెక్క అందులోనే కలిసిపోయి ఉంటుంది. దానికి మళ్లీ ఎల్‌ఓడీ కరెక్షన్ వేస్తే మందు ఎక్కువ పడుతుంది. అందుకని అస్సే గడి పక్కనే "డ్రైడ్ / యాజ్ ఈజ్: ఒకటి కొట్టేయండి" అని ముద్రించండి. ఎక్సెల్లో లెక్క వేసేటట్టయితే సెల్ లాక్ చేసి, ఆ షీటును ముందుగా సరిచూసి ఆమోదించుకున్నాకే వాడండి.

తూచిన ప్రతి సంచికి స్థూలం, టేర్, నికరం మూడూ విడివిడిగా రాయాలి. నికరం ఒక్కటే రాస్తే, తర్వాత యీల్డు తేడా వచ్చినప్పుడు టేర్ తప్పిందా అని వెనక్కి వెళ్లి చూసే దారి ఉండదు. త్రాసు ఐడీ, ఆ రోజు దాని కాలిబ్రేషన్ చూశారన్న గుర్తు కూడా ఇదే వరుసలో రావాలి. 0.600 కేజీల స్టియరేట్‌ని 20 గ్రాముల లీస్ట్ కౌంట్ ఉన్న పెద్ద త్రాసు మీద తూచారని పేజీ చూడగానే తెలిసిపోవాలి. త్రాసు ప్రింటు థర్మల్ కాగితం మీద వస్తే కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. దాన్ని జెరాక్స్ తీసి, అసలు ప్రింటుతో కలిపి అంటించి, రెండింటి మీదుగా సంతకం పెట్టించండి.

ఒక్కో స్టెప్పు ఎలా రాయాలి

ఆర్‌ఎంజీ అనే మిక్సర్‌లో జరిగే డ్రై మిక్సింగ్ గురించి చాలాచోట్ల కనిపించే వాక్యం ఇది: "పారాసిటమాల్, స్టార్చ్ ఆర్‌ఎంజీలో వేసి 10 నిమిషాలు కలిపితిమి." పక్కన సంతకం. ఇందులో పనివాడు నింపింది సంతకం ఒక్కటే, మిగతాది ముందే టైపు చేసి ఉంది. పది నిమిషాలు కలిపాడో, ఏడు నిమిషాలకే ఆపాడో ఈ కాగితం చెప్పదు.

స్టెప్పు ఎప్పుడూ ఆదేశంలా ఉండాలి, జరిగింది నింపడానికి ఖాళీ ఉండాలి. "స్టెప్ 6.2: ఇంపెల్లర్ స్లో, చాపర్ ఆఫ్‌లో 10 నిమిషాలు కలపండి. మొదలు ____ గం., ముగింపు ____ గం., మెషిన్ ఐడీ ____." వ్యవధి అడగకండి, మొదలు ముగింపులే అడగండి, వ్యవధి వాటిలోంచి అదే వస్తుంది. లిమిట్ టైపు చేయండి కానీ వచ్చిన విలువ మాత్రం ఎప్పుడూ టైపు చేయకండి. "సరే / కాదు" టిక్కులు శుభ్రతకి సరిపోతాయి, అంకె వచ్చే చోట అంకే రాయించాలి.

బైండర్ పోసే స్టెప్పుకి కొంచెం ఎక్కువ చోటివ్వండి. ఎంత ద్రావణం పోశారు, అదనంగా నీళ్లు పోశారా, ఎంత, ముద్ద సిద్ధమైనప్పుడు ఆంప్‌మీటర్ ఎంత చూపించింది అన్నవి రాయాలి. గ్రాన్యుల్స్ గట్టిపడి టాబ్లెట్ కరగడం ఆలస్యమైన రోజున మొదట చూసేది ఈ నాలుగు గడులే. అదనపు నీటికి ముందే లిమిట్ పెట్టుకోండి, ఉదాహరణకు 0.5 కేజీ వరకు. ఆ లోపల పోస్తే అది ప్రాసెస్ సర్దుబాటు, దాటితే డీవియేషన్. ఈ గీత మాస్టర్‌లో లేకపోతే పోసిన ప్రతి మగ్గుకీ డీవియేషన్ రాయాల్సి వస్తుంది, లేదా దేనికీ రాయరు. రెండోదే ఎక్కువగా జరుగుతుంది.

డ్రయింగ్‌కీ ఇదే పద్ధతి. ఇన్‌లెట్ 60 ± 5 డిగ్రీలు, 45 నిమిషాల తర్వాత ఎల్‌ఓడీ చూడండి, లిమిట్ 1.5 నుంచి 2.5 శాతం, ఎక్కువుంటే 10 నిమిషాల చొప్పున గరిష్ఠంగా మూడుసార్లు ఆరబెట్టండి అని రాసి, నాలుగు రీడింగులకి నాలుగు వరుసలు గీయండి. ఒక్క వరుసే ఇస్తే మొదటి రెండు రీడింగులు ఎక్కడా ఉండవు, పాసైన మూడోదే కాగితం మీద కనిపిస్తుంది.

యీల్డు వేరు, రికన్సిలియేషన్ వేరు

యీల్డు అంటే పనికొచ్చే సరుకు ఎంత వచ్చింది అని. రికన్సిలియేషన్ అంటే లోపలికి వెళ్లినదంతా ఎక్కడుందో లెక్క తేలిందా అని. మొదటిది తగ్గినా రెండోది సరిగ్గా ఉంటే సరుకు పోలేదు, మన కళ్ల ముందే రిజెక్ట్ అయిందని అర్థం. రెండోది తగ్గితే సరుకు ఎక్కడికో వెళ్లింది: తూకం తప్పింది, మెషిన్లో ఉండిపోయింది, లేదా ఇంకో బ్యాచ్‌లో కలిసింది. చాలా ఫారాల్లో ఒకే శాతం ఉంటుంది, అది ఏదో కూడా రాసి ఉండదు.

ప్రతి దశ చివర రెండూ వేయించండి. మన బ్యాచ్‌లో గ్రాన్యుల్స్‌లోకి వెళ్లినవి 50.606, 4.594, 1.800, మొత్తం 57.000 కేజీలు. ఆరి, సైజింగ్ అయ్యాక వచ్చినవి 56.320. యీల్డు 98.8 శాతం. లిమిట్ 97.0 నుంచి 101.0 అనుకుందాం.

పై లిమిట్ వంద దాటిందేమిటి అనిపించవచ్చు. స్టార్చ్ తనతో పాటే తేమ తెస్తుంది, గ్రాన్యుల్స్‌లో మిగిలే తేమ దానికి అటూ ఇటూ ఉంటుంది కాబట్టి కాస్త వెసులుబాటు తప్పదు. అయితే 58.140 వచ్చిందనుకోండి, అంటే 102.0 శాతం. "యీల్డు బాగా వచ్చింది" అని సంతోషించాల్సిన అంకె కాదిది. వరుసగా మూడు చూడాలి. డ్రమ్ముల టేర్ తీశారా? ఎల్‌ఓడీ శాంపిల్ పైపైన తీశారా, అడుగున ముద్దలు తడిగా ఉన్నాయా? ముందు ప్రాడక్టు సరుకేమైనా మెషిన్లో మిగిలిందా? మూడోది నిజమైతే సమస్య లైన్ క్లియరెన్స్ పేజీలో ఉంటుంది. అందుకే ఆ పేజీలో "శుభ్రంగా ఉంది" అన్న ఒక్క టిక్కుతో సరిపెట్టకుండా ముందటి ప్రాడక్టు పేరు, బ్యాచ్ నంబరు, శుభ్రం చేసిన తేదీ రాయించాలి.

లూబ్రికేషన్‌కి ముందు ఒక చిన్న చిక్కు. గ్లైకొలేట్, టాల్క్, స్టియరేట్ కలిపి 3.000 కేజీలు 57.000 కేజీల గ్రాన్యుల్స్‌కని తూచిపెట్టారు. గ్రాన్యుల్స్ 54.150 మాత్రమే వస్తే (95.0 శాతం) అదే 3.000 వేస్తే పాళ్లు మారి, ఒక్కో టాబ్లెట్లో మందు తగ్గుతుంది. ఇలాంటప్పుడు క్యూఏ ఆమోదంతో అదే నిష్పత్తిలో 2.850 కేజీలు వేయాలని, లెక్క ఫలానా గడిలో చూపించాలని మాస్టర్‌లోనే ఉండాలి. మన 56.320 లిమిట్ లోపలే ఉంది కాబట్టి 3.000 అలాగే కలిపారు. మొత్తం 59.320, బ్లెండర్ నుంచి దిగింది 59.180. ల్యాబ్‌కి 0.100 శాంపిల్ పోగా కంప్రెషన్‌కి వెళ్లింది 59.080 కేజీలు. ఈ దశలో వచ్చినది తర్వాతి దశలో వేసినదానితో కలవాలి. ఆ రెండు గడులూ ఎదురెదురుగా ఉండేలా పేజీ గీస్తే తేడా దానంతటదే కనిపిస్తుంది.

కంప్రెషన్ పేజీ: డబ్బా నంబరు, సమయం ఒకే వరుసలో

27 స్టేషన్ల మెషిన్ 20 ఆర్‌పీఎంలో నిమిషానికి 540 టాబ్లెట్లు కొడుతుంది. పదిహేను నిమిషాలకి 8,100, దాదాపు ఐదు కేజీలు. ఫారం రూపంలో చేయాల్సిన పని ఒకటే: బరువు చూసే సమయమూ డబ్బా మార్చే సమయమూ ఒకటి చేయండి. పదిహేను నిమిషాలకి ఒక చెక్, చెక్ అయ్యాక కొత్త డబ్బా. మూడు గంటల బ్యాచ్ పన్నెండు డబ్బాలవుతుంది.

| సమయం | డబ్బా | 20 టాబ్లెట్ల బరువు (గ్రా.) | సగటు (మి.గ్రా.), లిమిట్ 582–618 | చేసినవారు | సరిచూసినవారు |
|---|---|---|---|---|---|
| 12:00 | 6 | 12.060 | 603 | | |
| 12:15 | 7 | 12.680 | 634 (డీవియేషన్ చూడండి) | | |
| 12:50, మళ్లీ మొదలు | 8 | 12.020 | 601 | | |

గట్టిదనం, మందం, ఫ్రయబిలిటీ, డిసింటిగ్రేషన్ గడులు దీని పక్కనే వస్తాయి, చోటు కోసం ఇక్కడ వదిలేశాను. పేజీ అడుగున ఒక సూచన టైపు చేయండి: "బరువు రాసి, లిమిట్‌తో పోల్చిన తర్వాతే డబ్బా మార్చాలి." ముందు డబ్బా మార్చి తర్వాత తూస్తే, తూచే ఆ రెండు నిమిషాల సరుకు కొత్త డబ్బాలో పడిపోతుంది. బరువు తప్పిందని తెలిసేసరికి రెండు డబ్బాలు పోయినట్టే.

12:15కి ఏం రాయాలి

సగటు 634. వెంటనే మెషిన్ ఆపారు. డీవియేషన్ ఫారం బ్యాచ్ చివర తీరిగ్గా నింపేది కాదు. స్టెప్పు పక్కనే ఒక చిన్న గడిలో డీవియేషన్ నంబరు, పూర్తి వివరం దానికి కేటాయించిన పేజీలో. ఆ పేజీకి కావాల్సినవి: జరిగింది, జరగాల్సింది, గుర్తించిన సమయం, చివరగా సరిగ్గా ఉన్న సమయం, దెబ్బతిన్న డబ్బాలు, వెంటనే చేసిన పని, క్యూఏకి చెప్పిన సమయం, కారణం, నిర్ణయం, నిర్ణయించినవారి సంతకం. "చివరగా సరిగ్గా ఉన్న సమయం" అన్న గడి చాలా ఫారాల్లో ఉండదు. హద్దు గీసేది మాత్రం అదే.

నింపిన పేజీ ఇలా ఉంటుంది: "12:15 చెక్‌లో సగటు 634 మి.గ్రా., లిమిట్ 582–618. చివరగా సరిగ్గా ఉన్నది 12:00, సగటు 603. దెబ్బతిన్నది డబ్బా 7, నికరం 4.980 కేజీలు. మెషిన్ 12:15కి ఆపి, డబ్బా 7కి హోల్డ్ లేబుల్ వేసి, విడిగా తాళం వేశాం. క్యూఏకి 12:20కి చెప్పాం. వెయిట్ అడ్జస్ట్‌మెంట్ లాక్ నట్ వదులై, ఫిల్ లోతు పెరిగింది. నట్ బిగించి, 12:50కి సగటు 601 వచ్చాక మొదలుపెట్టాం." నిమిషాల వారీగా, ఎవరినీ తిట్టకుండా, "ఆపరేటర్ నిర్లక్ష్యం" అన్న మాట లేకుండా. కారణం దగ్గర మనిషి పేరు పడిందంటే ఆ నట్ ఎందుకు వదులైందని ఇక ఎవరూ అడగరు.

నిర్ణయం క్యూఏది. డబ్బా పైన, మధ్య, అడుగు నుంచి టాబ్లెట్లు తీసి ఒక్కొక్కటీ తూస్తే చాలావాటి బరువు 630 దాటింది, అంటే ఐదు శాతం కంటే ఎక్కువ తేడా. డబ్బాలో మంచివీ ఉంటాయి, 12:00 తర్వాత మొదటి నిమిషాలవి. కానీ అవి మిగతావాటితో కలిసిపోయాయి, విడదీసే దారి లేదు. డబ్బా మొత్తం రిజెక్ట్. పొడి చేసి మళ్లీ కొట్టడమంటే రీవర్క్. దానికి ముందే ఆమోదించిన పద్ధతి, స్టెబిలిటీ డేటా లేకుండా ఆ ఆలోచనే వద్దు.

ఇప్పుడు కంప్రెషన్ లెక్క. మంచి టాబ్లెట్లు 52.860 కేజీలు, సగటు 601.2 మి.గ్రా. చొప్పున 87,924. చెక్కులకి వాడినవి 0.310, సెటప్‌లో పోయినవీ విరిగినవీ 0.520, డస్ట్ కలెక్టర్లో 0.260, డబ్బా 7 లో 4.980.

```
Yield          = 52.860 / 59.080 × 100 = 89.5 %
Reconciliation = (52.860 + 0.310 + 0.520 + 0.260 + 4.980) / 59.080 × 100
               = 58.930 / 59.080 × 100 = 99.7 %
```

యీల్డు లిమిట్ 96.0 నుంచి 100.0, కాబట్టి తప్పింది. రికన్సిలియేషన్ లిమిట్ 98.5 నుంచి 100.5, లోపలే ఉంది. తక్కువ యీల్డుకి వేరే డీవియేషన్ అక్కర్లేదు; పాత నంబరే రాసి, 4.980 కేజీల వల్లే తగ్గిందని లెక్క చూపిస్తే చాలు. ఆ బరువు కలిపి చూస్తే 57.840, అంటే 97.9 శాతం, లిమిట్ లోపలికి వచ్చేస్తుంది. ఒకవేళ అది కలిపినా లిమిట్ లోపలికి రాకపోతే ఇంకో కారణం దాగి ఉంది, వెతకాలి.

నంబర్లు లేని డబ్బాలు, గంటకోసారి చెక్ ఉన్న ఫారంలో ఇదే నట్ వదులైతే? గంటలో 32,400 టాబ్లెట్లు, అవి ఎక్కడున్నాయో తెలియదు.

రాత తప్పులు, ఖాళీ గడులు, రివ్యూ

తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పాతది చదవగలిగేలా ఉంచి, పక్కన సరైనది, కారణం, సంతకం, తేదీ. కారణం రాయడానికి చోటుండాలంటే గడులు ఇరుకుగా ఉండకూడదు. వరుస ఎత్తు ఒక సెంటీమీటరైనా ఇవ్వండి. ఇది చిన్న విషయమే, కానీ దిద్దిన అంకెల మీద అంకెలు పడేది ఎక్కువగా ఇరుకు గడుల్లోనే. అవసరం లేని స్టెప్పుకి అడ్డగీత, "వర్తించదు", సంతకం. ఉత్తినే వదిలిన గడి ఎవరైనా తర్వాత నింపుకోవచ్చు.

క్యూఏ రివ్యూ పేజీలో "బీఎమ్‌ఆర్ పూర్తిగా చూశాం" అన్న వాక్యం వేయకండి. చూడాల్సినవి ప్రశ్నలుగా వేయండి: తూచిన లాట్లన్నీ అప్పటికే రిలీజ్ అయ్యాయా? ఒకే మనిషి ఒకే సమయానికి రెండు గదుల్లో సంతకం పెట్టాడా? ఒక దశ ముగింపు బరువు తర్వాతి దశ మొదటి బరువుతో కలిసిందా? పుట్టిన డీవియేషన్లన్నీ మూసేశారా? ప్రింట్లు, డిస్పెన్సింగ్ లేబుళ్లు, ల్యాబ్ రిపోర్టులు లెక్కకి సరిపోయాయా? రెండో ప్రశ్న విచిత్రంగా అనిపించినా, ముగింపు సమయాలు తర్వాత కూర్చుని నింపిన రికార్డు దాదాపు ఎప్పుడూ ఇక్కడే పట్టుబడుతుంది.

కొత్త ఫారం వాడకంలోకి వచ్చాక మొదటి మూడు బ్యాచ్‌ల కాపీలు ముందేసుకుని మార్జిన్లు చూడండి. పనివాళ్లు అంచుల్లో, వెనక పేజీల్లో ఏం రాశారో అక్కడ మీ ఫారంలో ఒక గడి తక్కువైంది. ఉదాహరణకు ఆర్‌ఎంజీ పేజీ అంచున మూడుసార్లూ "కరెంటు పోయి 4 ని. ఆగింది" అని ఉంటే, మిక్సింగ్ స్టెప్పులో "ఆగిన సమయం, మళ్లీ మొదలైన సమయం" అని రెండు గడులు కావాలి. వాటిని పెన్నుతో గీసుకోనివ్వకుండా చేంజ్ కంట్రోల్ ద్వారా మాస్టర్‌లోకి తెచ్చి, వెర్షన్ నంబరు పెంచి, పాత మాస్టర్ మీద "రద్దు" ముద్ర కొట్టండి.